జూన్ నుంచి పోస్టు లేని పచ్చళ్ళ పేజీ: ఆవకాయ సీజన్‌కి పాత వాళ్ళని మళ్ళీ ఎలా కలుపుకోవాలి?

గోదారి పచ్చళ్ళు (మార్చి 12)

అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి. అత్తయ్యా నేనూ కలిసి ఇంట్లోనే పచ్చళ్ళు, పొడులు పెట్టి అమ్ముతాం. ఫేస్‌బుక్ పేజీకి ఆరు వేల పైచిలుకు ఫాలోవర్లు ఉన్నారు, ఇన్‌స్టాగ్రామ్‌లో రెండు వేల మంది. వాట్సాప్ బిజినెస్ నంబరు విడిగా ఉంది. నిరుడు ఏప్రిల్, మే నెలల్లో ఆవకాయ ఆర్డర్లు బాగా వచ్చాయి. జూన్ మొదటి వారంలో మామయ్యగారికి గుండె ఆపరేషన్ అయింది. ఆ తర్వాత ఆసుపత్రి, ఇల్లు తప్ప ఇంకో పని లేకపోయింది. అప్పటి నుంచి పేజీలో ఒక్క పోస్టు కూడా పడలేదు. మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి, జవాబు ఇచ్చేవాళ్ళు లేరు.

ఇప్పుడు ఆయన కోలుకున్నారు. ఈ వేసవికి మళ్ళీ మొదలుపెడదామని అత్తయ్య అంటున్నారు. ఉగాదికి ఒక మంచి పోస్టరు చేయించి "మేము మళ్ళీ వచ్చేశాం" అని పెడదామనుకుంటున్నాను. పాత వాళ్ళకి అది కనిపిస్తుందా? కనిపించకపోతే ఏం చేయాలి? ప్రకటనలకి ఎక్కువ పెట్టలేను, రెండు మూడు వేలు మించదు.

బెజవాడ బుల్లోడు

అక్కా, పాత పేజీ వదిలేయండి. ఇన్ని నెలలు పోస్టు లేకపోతే ఫేస్‌బుక్ దాన్ని చచ్చిన పేజీ కింద లెక్కేస్తుంది. కొత్త పేజీ తెరిచి రోజుకి పది పోస్టులు వేయండి, అప్పుడే రీచ్ వస్తుంది. పక్కన ఒక గివ్‌అవే కూడా పెట్టండి. షేర్ చేసి ముగ్గుర్ని ట్యాగ్ చేస్తే అరకిలో ఆవకాయ ఫ్రీ అనండి. నెలలో ఐదు వేల మంది వస్తారు.

పేజీ మేస్త్రి

బుల్లోడు గారూ, రీచ్ పడిపోతుందన్న మాట నిజమే. కొత్త పేజీ మాత్రం వద్దు. పాత పేజీలో ఆవిడకి రివ్యూలు ఉన్నాయి, నిరుడు డబ్బిచ్చి కొన్నవాళ్ళు ఉన్నారు, వాళ్ళ కామెంట్లు ఉన్నాయి. కొత్త పేజీలో అవేవీ ఉండవు.

చచ్చిన పేజీ అని ఫేస్‌బుక్ ఏ ముద్రా వేయదు. ఒక మనిషి ఈమధ్య ఏ పేజీలతో లైకు, కామెంటు, మెసేజ్ లాంటివి నడిపితే వాటి పోస్టులే ముందు చూపిస్తుంది. నెలల తరబడి ఇద్దరి మధ్య ఏమీ నడవకపోతే మీ పోస్టు అతని ఫీడ్‌లో ఎక్కడో అడుగుకి పోతుంది. అందుకే "మళ్ళీ వచ్చేశాం" పోస్టరు ఆరు వేల మందిలో కొద్దిమందికే కనిపిస్తుంది. ఉగాది రోజు ప్రతి దుకాణమూ ఒక పోస్టరు పెడుతుంది, ఆ గుంపులో మీది ఇంకా కనబడదు.

అమ్మా, పోస్టరు కన్నా ముందు ఒక ప్రశ్న. నిరుటి ఆవకాయ పోస్టుల కింద "ఎప్పుడు పంపుతారు", "కిలో ఎంత" లాంటి కామెంట్లు జవాబు లేకుండా ఎన్ని ఉన్నాయో చూశారా?

కరీంనగర్ రవి

మేడమ్, పేజీ పోయిందంటే హ్యాక్ అయి ఉంటది. మా తమ్మునిది గట్లనే అయింది. ఫేస్‌బుక్ రికవరీ ఫారం నింపి ఐడీ ప్రూఫ్ అప్‌లోడ్ చేయండి, కొన్ని రోజులల్ల వస్తది.

గోదారి పచ్చళ్ళు

రవి గారూ, పేజీ పోలేదండీ, నేనే పోస్టులు ఆపాను. లాగిన్ అవుతోంది.

మేస్త్రి గారూ, ఇప్పుడే చూశాను. చాలా ఉన్నాయి, వందకి తక్కువ ఉండవు. కొన్ని ఆగస్టులో, సెప్టెంబరులో పెట్టినవి కూడా. రెండు చోట్ల "పార్శిల్ నూనె కారిపోయి వచ్చింది" అని కోపంగా రాశారు. వాళ్ళకి అప్పుడే ఫోన్‌లో మాట్లాడి డబ్బు వెనక్కి ఇచ్చేశాం, కామెంటు కింద మాత్రం ఏమీ రాయలేదు. ఒకరు రివ్యూలో కూడా "రికమెండ్ చేయను" అని పెట్టారు.

పేజీ మేస్త్రి

రవి గారు అడిగింది వేరే సంగతే అయినా ఒక పని గుర్తుచేశారు. పేజీకి ఎవరెవరికి అడ్మిన్ హక్కులు ఉన్నాయో సెట్టింగ్స్‌లో చూడండి. ఎప్పుడో పోస్టర్లు చేసిచ్చిన కుర్రాడు, పని మానేసిన మనిషి అందులో ఉండిపోతారు. అక్కర్లేనివాళ్ళని తీసేసి, మీ సొంత ప్రొఫైల్‌కి టూ ఫ్యాక్టర్ పెట్టుకోండి. పేజీ మళ్ళీ కదలగానే "మీ పేజీ నిబంధనలు ఉల్లంఘించింది, 24 గంటల్లో ఈ లింకు నొక్కండి" అని మెసెంజర్‌లో వస్తాయి. మెటా లోగో తగిలించుకున్న అపరిచితులు పంపేవి అవి. నిజంగా ఏదైనా సమస్య ఉంటే అది పేజీ సెట్టింగ్స్ లోపల, సపోర్ట్ ఇన్‌బాక్స్‌లో కనిపిస్తుంది. మెసేజ్‌లో వచ్చిన లింకు నొక్కవద్దు.

ఇక అసలు విషయం. జవాబు లేని ఆ వంద కామెంట్లే మీ చేతిలో ఉన్న గట్టి దారి. పోస్టు పెడితే అది ఎవరికి చూపించాలో ఫేస్‌బుక్ నిర్ణయిస్తుంది. పాత కామెంటు కింద మీరు జవాబు రాస్తే మాత్రం ఆ మనిషికి నేరుగా నోటిఫికేషన్ వెళ్తుంది, నోటిఫికేషన్లు ఆపేసుకుంటే తప్ప. అతను వచ్చి చదివి, ఇంకో మాట రాశాడంటే మీ ఇద్దరి మధ్య లావాదేవీ మళ్ళీ మొదలైనట్టే. తర్వాతి పోస్టు అతనికి కనిపించే అవకాశం అక్కడే పెరుగుతుంది.

అయితే ఒకే వాక్యం కాపీ చేసి వంద చోట్ల అంటించకండి. వరుసగా ఒకే మాట పడితే ఫేస్‌బుక్ దాన్ని స్పామ్ అనుకుని కామెంట్లు రాయనివ్వకుండా కొన్నాళ్ళు ఆపేస్తుంది. రోజుకి పది పదిహేను చాలు. పేరు పెట్టి పిలిచి, అడిగినదానికి జవాబు చెప్పండి. "లక్ష్మి గారూ, అప్పుడు ఇంట్లో అనారోగ్యం వల్ల జవాబివ్వలేకపోయాం. ఈసారి ఆవకాయ మే మొదటి వారంలో పెడుతున్నాం, అప్పుడు మీకు చెప్పమంటారా?" అంటే చాలు. చివర ప్రశ్న ఉంటే అవతలివాళ్ళు కనీసం "సరే" అంటారు.

నూనె కారిన వాళ్ళ కామెంట్లకి మొట్టమొదట రాయండి. డబ్బు ఇచ్చేశారన్న సంగతి మీకూ వాళ్ళకీ తెలుసు, పేజీ చూసేవాడికి తెలియదు. ఇప్పుడు ఎలా ప్యాక్ చేస్తున్నారో కూడా ఒక ముక్క రాయండి. రివ్యూ తీసేయమని అడగవద్దు, కింద జవాబు ఉంటే సరిపోతుంది.

పోచంపల్లి చీరలు

వదినా, నా చీరల పేజీ కూడా కోవిడ్ తర్వాత ఇలాగే ఆగింది. నేను ఫేస్‌బుక్ జోలికి పోకుండా వాట్సాప్ పట్టుకున్నాను. పాత కస్టమర్ల నంబర్లన్నీ ఒక బ్రాడ్‌కాస్ట్ లిస్టులో పెట్టి పంపితే చాలామందికి చేరనేలేదు. నా నంబరు వాళ్ళ ఫోన్‌లో సేవ్ చేసి ఉంటేనే బ్రాడ్‌కాస్ట్ చేరుతుందని అప్పుడు తెలిసింది. ఒక లిస్టులో 256 మందికి మించి పట్టరు కూడా. సరేనని అదే మెసేజ్ ఒక్కొక్కరికీ విడివిడిగా పంపాను. కొందరు రిపోర్ట్ కొట్టినట్టున్నారు, నంబరే ఆగిపోయింది. అప్పీలు పెట్టుకుంటే కొన్ని రోజులకి తిరిగి వచ్చింది. పండగ ముందు ఆ టెన్షన్ ఎవరికీ వద్దు.

పేజీ మేస్త్రి

చెల్లీ, మీరు చెప్పింది ఆవిడకి చాలా పనికొస్తుంది. వాట్సాప్‌లో చివరగా ఎవరు ఏం కొన్నారో పాత చాట్‌లో ఉంటుంది కదా. దాన్ని బట్టి ముందు బాగా తెలిసిన నలభై, యాభై మందికి, ఒక్కొక్కరికీ వేరుగా రాయాలి. "మీరు నిరుడు రెండు కిలోలు వెల్లుల్లి ఆవకాయ తీసుకున్నారు, ఈసారి కూడా ఉంచమంటారా?" అని రాస్తే అది వాళ్ళ కోసం రాసిన మాటలా ఉంటుంది, ఎవరూ రిపోర్ట్ కొట్టరు. జవాబిచ్చినవాళ్ళని "మా నంబరు సేవ్ చేసుకోండి" అని అడగండి. అప్పుడు మిగతా సీజన్ అంతా బ్రాడ్‌కాస్ట్ చేరుతుంది. వాట్సాప్ బిజినెస్‌లో లేబుల్స్ ఉంటాయి, జవాబిచ్చినవాళ్ళకి ఒకటి, కొన్నవాళ్ళకి ఒకటి పెట్టుకోండి.

డల్లాస్ తెలుగింటి

ఆవకాయ అమెరికా పంపుతారా? కిలోకి కొరియర్ ఎంత పడుతుంది? మేలో మా అమ్మావాళ్ళు వస్తున్నారు, వాళ్ళతో తెప్పించుకోవచ్చా?

గోదారి పచ్చళ్ళు

తమ్ముడూ, ప్రస్తుతానికి విదేశాలకి పంపడం లేదు. అమ్మావాళ్ళ అడ్రసు చెబితే అక్కడికి పంపుతాం.

మేస్త్రి గారూ, ఇన్‌బాక్స్‌లో కూడా పాత మెసేజ్‌లు చాలా ఉన్నాయి. వాటికి జవాబు రాయబోతే పంపనివ్వడం లేదు. ఇది నా ఫోన్ సమస్యా?

పేజీ మేస్త్రి

మీ ఫోన్‌ది కాదు. పేజీ ఇన్‌బాక్స్‌లో అవతలి మనిషి చివరిగా రాసి వారం దాటితే పేజీ తరఫున మళ్ళీ మెసేజ్ పంపడం కుదరదు. వాళ్ళే మళ్ళీ రాస్తే తలుపు తెరుచుకుంటుంది. అందుకే ఆ మెసేజ్‌ల పేర్లు చూసి, వాళ్ళలో ఎవరైనా పోస్టుల కింద కామెంటు పెట్టారేమో వెతకండి, అక్కడ జవాబివ్వండి. ఫోన్ నంబరు ఇచ్చి ఉంటే వాట్సాప్‌లో రాయండి. మిగతావాళ్ళని చేరుకోవడానికి ప్రకటన ఒక్కటే దారి. దాని గురించి రేపు రాస్తాను, అందులో ఒక గడువు ఉంది.

ఈలోగా ఇంకో సంగతి చూడండి. ఆటోమేటిక్ జవాబు ఏదైనా పెట్టారా? చాలా పేజీల్లో "గంటలో జవాబిస్తాం" అని నెలల తరబడి అదే పోతూ ఉంటుంది.

గోదారి పచ్చళ్ళు

అయ్యో, సరిగ్గా అదే ఉందండీ. "ధన్యవాదాలు, గంటలో మీకు ఫోన్ చేస్తాం" అని. ఇన్ని నెలలుగా అది అందరికీ వెళ్తూ ఉంది. ఇప్పుడే తీసేశాను. పైన పిన్ చేసిన పోస్టులో పాత ధరలు ఉన్నాయి, అది కూడా తీసేశాను.

బెజవాడ బుల్లోడు

ప్రకటన అంటే బూస్ట్ పోస్ట్ నొక్కేయడమే కదా. ఐదు వందలు పెడితే వేల మందికి పోతుంది.

పేజీ మేస్త్రి (మార్చి 13)

బూస్ట్ బటన్ నొక్కి ఊరికే వదిలేస్తే ఆవకాయ ఎప్పుడూ కొననివాళ్ళకి కూడా పోతుంది. మనకి కావలసింది నిరుడు ఆవిడతో మాట్లాడినవాళ్ళు. వాళ్ళని పట్టుకునే పద్ధతి యాడ్స్ మేనేజర్‌లో ఉంది. కంప్యూటర్‌లో తెరిస్తే సులువు.

```
Audiences > Create audience > Custom audience > Facebook Page
```

అక్కడ `People who sent a message to your Page` అని ఒకటి, `Everyone who engaged with your Page` అని ఒకటి ఉంటాయి. ఎన్ని రోజుల వెనక్కి అన్నది మీరే పెట్టుకోవాలి. 365 రోజులు పెట్టండి.

గడువు అన్నది ఇదే. మీకు నిరుడు జనం వచ్చింది ఏప్రిల్, మేలలో. నిరుడు ఏప్రిల్ 5న కామెంటు పెట్టిన మనిషి మళ్ళీ మీ పేజీ వైపు రాకపోతే, ఈ ఏప్రిల్ 5 దాటగానే ఆ జాబితాలోంచి జారిపోతాడు. ఆవకాయ పట్టాక, అంటే మే మధ్యలో ప్రకటన వేద్దామనుకుంటే నిరుటి సీజన్ జనంలో సగానికి పైగా అప్పటికే ఉండరు. ప్రకటనకి డబ్బు పెట్టేది ఏమైనా ఉంటే మార్చి చివర్లో, ఏప్రిల్‌లో పెట్టండి. అప్పుడు ఎవరైనా లైకో కామెంటో పెడితే ఆ రోజు నుంచి వాళ్ళకి మరో ఏడాది లెక్క మొదలవుతుంది.

బెజవాడ బుల్లోడు

దానికి గడువు ఎందుకు? అక్కడే పేజీ ఫాలోవర్లు అని ఇంకో ఆప్షన్ ఉంది. దానికి రోజుల లెక్క లేదు, నేను చూశాను.

పేజీ మేస్త్రి

ఉంది, మీరు చెప్పింది నిజం. ఫాలోవర్ల జాబితాకి రోజుల గడువు ఉండదు. డబ్బు ఎక్కువ ఉంటే రెండూ వాడొచ్చు. ఆవిడ చేతిలో రెండు వేలే ఉన్నాయి కాబట్టి ముందు మెసేజ్ పంపినవాళ్ళు, తర్వాత కామెంట్లు లైకులు పెట్టినవాళ్ళు. అమ్మా, ఆ ఆరు వేల మంది ఎలా వచ్చారు?

గోదారి పచ్చళ్ళు

మొదట్లో ఒక గివ్‌అవే పెట్టాం. ఒక్క వారంలో మూడు వేల మంది వచ్చారు. ఇన్‌సైట్స్‌లో ఊళ్ళు చూస్తే బీహార్, బెంగాల్ వైపు ఊళ్ళు కూడా చాలా కనిపిస్తున్నాయి.

పేజీ మేస్త్రి

అందుకే అడిగాను. ఆ మూడు వేల మందిలో చాలామంది బహుమతి కోసం వచ్చినవాళ్ళు. ఫాలోవర్ల జాబితా మీద ప్రకటన వేస్తే మీ డబ్బులో సగం వాళ్ళకే పోతుంది. పోనీ అనుకున్నా, వాళ్ళు చూసి ముందుకి జరిగిపోతే పేజీకి మంచి సంకేతం కూడా రాదు. ఇప్పుడు ఇంకో గివ్‌అవే పెట్టవద్దనేది కూడా ఇందుకే.

రోజుకి రెండు వందల చొప్పున ఐదు రోజులు మొదటి విడత వేయండి. దాని మీద 18 శాతం జీఎస్‌టీ పడుతుంది, అది కూడా లెక్కలో ఉంచుకోండి. ఐఫోన్ యాప్‌లోంచి బూస్ట్ చేస్తే ఆపిల్ సర్వీస్ చార్జీ కూడా కలుస్తుంది, బ్రౌజర్‌లోంచి చేయండి.

పోచంపల్లి చీరలు

ఆ ప్రకటనలో ఏం పోస్టు పెట్టాలి అన్నయ్యా? నాకు అక్కడే అర్థం కాలేదు. నేను అప్పుడు చీర ఫోటో, ధర పెట్టాను. ఎవరూ పలకలేదు.

పేజీ మేస్త్రి

తిరిగి రాగానే అమ్మకం పోస్టు పెడితే నిన్నటిదాకా జవాబివ్వనివాళ్ళు డబ్బు అడిగినట్టు ఉంటుంది. మొదటి పోస్టు పాతవాళ్ళు మాత్రమే జవాబు చెప్పగల ప్రశ్న కావాలి. నేనైతే ఇలా పెడతాను: "నిరుడు మా దగ్గర ఆవకాయ తీసుకున్నవాళ్ళు చెప్పండి, కారం సరిపోయిందా, ఎక్కువైందా? వెల్లుల్లి వేసింది నచ్చిందా, వేయనిదా? దాన్ని బట్టే ఈసారి మిరపకాయలు కొంటాం." పక్కన నిరుటి జాడీ ఫోటో, మీ ఫోన్‌లో తీసినదే. పోస్టరు వద్దు.

ఇందులో అమ్మకం లేదు. కొన్నవాడికి చెప్పాలనిపిస్తుంది. కొననివాడు కూడా కింద ఉన్న కామెంట్లు చదివి, ఇంతమంది తిన్నారని తెలుసుకుంటాడు. వచ్చిన ప్రతి కామెంటుకీ ఆ రోజే జవాబు రాయాలి. జవాబు రాసే తీరిక లేని రోజు పోస్టు పెట్టకండి.

గోదారి పచ్చళ్ళు

అది నిజంగానే మాకు అవసరం అండీ. కారం ఎక్కువైందని కొందరు, చాల్లేదని కొందరు అన్నారు. ఈసారి గుంటూరు మిరపకాయలో రెండు రకాలు కలుపుదామని అత్తయ్య అనుకుంటున్నారు.

ఇంతకాలం ఎందుకు లేమో చెప్పాలా? మామయ్యగారి ఆపరేషన్ సంగతి పేజీలో రాయడం అత్తయ్యకి ఇష్టం లేదు.

పోచంపల్లి చీరలు

చెప్పాలి వదినా. నిజం చెబితేనే మనుషులు దగ్గరవుతారు. నేను మా పాప పుట్టిన సంగతి రాస్తే ఎంతోమంది ఆశీర్వదించారు, అందులో ఇద్దరు చీరలు కూడా కొన్నారు.

పేజీ మేస్త్రి

పాప పుట్టడం వేరు, ఇంటి పెద్దకి ఆపరేషన్ వేరు చెల్లీ. అత్తయ్యగారు వద్దన్నారు, అది చాలు. "ఇంట్లో అనారోగ్యం వల్ల ఆగాం, ఇప్పుడు అంతా బాగుంది" అన్న ఒక్క వాక్యం, అది కూడా ఎవరైనా అడిగితేనే. పచ్చడి కొనేవాడికి ముందు తెలియాల్సింది ఈసారి ఆర్డరు సరిగ్గా వస్తుందా లేదా అన్నది.

పోచంపల్లి చీరలు

నేను ఒప్పుకోను అన్నయ్యా. ఆపరేషన్ వివరాలు అక్కర్లేదు, కానీ దాచినట్టు ఉంటే జనం ఇంకేదో అనుకుంటారు. పేజీలో చేదు రివ్యూ ఉన్నప్పుడు ఇంకా ఎక్కువ.

డల్లాస్ తెలుగింటి

కొనేవాడిగా ఒక మాట చెబుతాను. నేను ఒక పేజీకి నాలుగు సార్లు మెసేజ్ పెట్టి వదిలేశాను. ఆరు నెలల తర్వాత వాళ్ళు మళ్ళీ కనిపించినప్పుడు కారణం ఏమిటని నాకు అనిపించలేదు. ఈసారి డబ్బు కట్టాక మాయమైతే ఎలా అన్న భయమే కలిగింది. ముందు చిన్న ఆర్డరు ఏదైనా పెట్టి చూసే వీలుంటే నేను తిరిగి వెళ్ళేవాణ్ణి.

పేజీ మేస్త్రి

ఇది చాలా మంచి మాట. అమ్మా, ఆవకాయకి ఇంకా నెలన్నర ఉంది. ఇప్పుడు మీ దగ్గర ఏం సిద్ధంగా ఉన్నాయి?

గోదారి పచ్చళ్ళు

కందిపొడి, నల్లకారం, కరివేపాకు పొడి. గోంగూర కూడా పెట్టగలం. పొడులు పావుకిలో ప్యాకెట్లు చేస్తాం.

పేజీ మేస్త్రి

అయితే ఏప్రిల్ అంతా పొడులు అమ్మండి. కొన్ని ప్యాకెట్లే, చేయగలిగినన్నే. మీకు కొరియర్ మళ్ళీ అలవాటవుతుంది, నూనె లేదు కాబట్టి కారే బెంగ లేదు. కొన్నవాళ్ళకి "వీళ్ళు చెప్పిన రోజుకి పంపారు" అన్న నమ్మకం కుదురుతుంది. ప్యాకెట్ మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు, తయారు చేసిన తేదీ ఉండాలి. రిజిస్ట్రేషన్ ఇంకా నడుస్తోందో లేదో చూసుకోండి. ఆగిన వ్యాపారాల్లో చాలామంది దాని రెన్యువల్ మరిచిపోతారు.

పోస్టులు వారానికి మూడు చాలు. బుల్లోడు గారన్న రోజుకి పది, మే వచ్చేసరికి ఎవరి వల్లా కాదు. కాయ కొట్టే రోజుల్లో మీకు ఫోన్ పట్టుకునే తీరిక కూడా ఉండదు.

బెజవాడ బుల్లోడు

రోజుకి పది అంటే ఊరికే అన్నాను, కానీ రీల్స్ మాత్రం తప్పకుండా పెట్టాలి అక్కా. కత్తిపీట మీద కాయ కొట్టే వీడియో ఒక్కటి పెట్టండి, ఎవరైనా ఆగి చూస్తారు.

పేజీ మేస్త్రి

ఈ మాటతో నూటికి నూరు ఒప్పుకుంటాను. కాయ కొట్టడం, ముక్క తుడవడం, ఆవపిండి కలపడం, మూడో రోజు తిరగకలపడం. ఆ నాలుగు పనులూ చిన్న వీడియోలుగా తీసి ఉంచుకోండి, తీరిక దొరికినప్పుడు ఒక్కొక్కటి వదలండి. రీల్స్ కొత్తవాళ్ళకి ఎక్కువ వెళ్తాయి, అందుకే అవి పాతవాళ్ళు కుదురుకున్నాక వేయాలి. కొత్తవాడు రీల్ చూసి పేజీకి వస్తే, అక్కడ ఈమధ్య కామెంట్లు, వాటికి మీ జవాబులు కనబడాలి.

బుకింగ్ సంగతి కూడా ఇప్పుడే అనుకోండి. మొదటి విడత ఎన్ని కిలోలు పట్టగలరు?

గోదారి పచ్చళ్ళు

మేమిద్దరమే కాబట్టి అరవై కిలోలు. కొత్తపల్లి కొబ్బరి మామిడికాయ దొరికితే ఇంకో విడత.

పేజీ మేస్త్రి

ఆ అరవైలో నలభై కిలోలు పాతవాళ్ళ కోసం అనుకోండి. వాట్సాప్‌లో జవాబిచ్చినవాళ్ళకీ, కామెంట్లలో "చెప్పండి" అన్నవాళ్ళకీ పేజీలో పెట్టడానికి రెండు రోజులు ముందు చెప్పండి. తగ్గింపు ధర అక్కర్లేదు. నిరుటి కన్నా నూనె ధర పెరిగి ఉంటే ఆ సంగతి ధరతో పాటే చెప్పండి. అరవై కిలోలు నిండగానే బుకింగ్ మూసేయండి. పట్టలేనన్ని ఆర్డర్లు తీసుకుంటే నిరుటి రివ్యూలు మళ్ళీ వస్తాయి.

కరీంనగర్ రవి

మేడమ్, నేను మీ ప్రశ్న తప్పుగా చదివిన. కానీ ఇదంతా పనిచేస్తుందా లేదా అని ఎట్ల తెలుస్తది? లైకులు చూసుకోవాల్నా?

పేజీ మేస్త్రి

లైకులు చూడకండి రవి గారూ. మొదటి రెండు మూడు పోస్టులు చాలా తక్కువ మందికే వెళ్తాయి, దాన్ని చూసి దిగాలుపడకూడదు. నిరుడు కామెంటు పెట్టిన పేర్లు మళ్ళీ కనిపిస్తున్నాయా, ఇన్‌బాక్స్‌లో వాళ్ళంతట వాళ్ళు రాస్తున్నారా, ఈ రెండూ చూడాలి. ప్రకటన కింద సంబంధం లేని ఊళ్ళవాళ్ళు వరసగా బొటనవేలు గుర్తులు పెడుతుంటే జాబితా తప్పు ఎంచుకున్నారని అర్థం, వెంటనే ఆపి సరిచూసుకోవాలి.

గోదారి పచ్చళ్ళు (ఏప్రిల్ 9)

అందరికీ నమస్కారం. ఇప్పటిదాకా జరిగింది చెబుతాను.

పాత కామెంట్లన్నిటికీ జవాబులు రాశాం. మూడో వంతు మంది తిరిగి పలికారు. నూనె కారిందని రాసిన ఇద్దరిలో ఒకావిడ "డబ్బు అప్పుడే ఇచ్చేశారు, మంచివాళ్ళు" అని తానే కింద రాసింది. ఇంకొకరు పలకలేదు. రివ్యూ అలాగే ఉంది, కింద మా జవాబు ఉంది.

కారం ఎంత అని అడిగిన పోస్టు పెట్టాం. మొదటి రోజు ఎవరూ రాలేదు. మెసేజ్ పంపినవాళ్ళ జాబితా మీద ప్రకటన వేశాక కామెంట్లు మొదలయ్యాయి. ఎక్కువమంది వెల్లుల్లి వేయనిదే అడిగారు, మేము అనుకున్నదానికి తలకిందులు. అత్తయ్య కాయల లెక్క మార్చారు. పొడుల ప్యాకెట్లు అన్నీ అమ్ముడయ్యాయి. కొన్నవాళ్ళలో చాలామంది నిరుటి ఆవకాయ వాళ్ళే.

ఇన్‌స్టాగ్రామ్ మాత్రం కదలడం లేదు. అదే పోస్టులు అక్కడా పెడుతున్నాను, ఎవరూ పలకడం లేదు.

పేజీ మేస్త్రి

సంతోషం అమ్మా. ఇన్‌స్టాగ్రామ్‌లో కామెంట్లు తక్కువ, మెసేజ్‌లు ఎక్కువ వస్తాయి. మీ ఇన్‌బాక్స్‌లో రిక్వెస్ట్స్ అని విడిగా ఒక చోటు ఉంటుంది. మీరు ఫాలో చేయనివాళ్ళు రాసినవి అక్కడ పడతాయి, తెరిచి చూస్తే తప్ప తెలియదు. అక్కడ ఎన్ని ఉన్నాయో చూడండి. ఇన్‌స్టాగ్రామ్ యాప్‌లోంచి మీరు చేత్తో రాసే జవాబుకి ఫేస్‌బుక్ పేజీలో ఉన్నట్టు వారం గడువు లేదు, పాతవాటికి కూడా రాయొచ్చు.

గోదారి పచ్చళ్ళు

తెరిచాను. పోయిన జూలై నుంచి వచ్చినవి కింద దాకా ఉన్నాయి. ఎక్కువమంది మాగాయ అడిగారు. అది కాయ ఎండాక గానీ ఇవ్వలేం, మే చివరికి అవుతుందని ఒక్కొక్కరికీ రాయడం మొదలుపెట్టాను. రోజుకి పదిహేను మించకుండా రాస్తాను.